ఖాళీ ప్లాటు నుంచి గృహప్రవేశం దాకా: భవన నిర్మాణాన్ని టైమ్‌ల్యాప్స్‌గా తీయడం ఎలా

పెళ్లి వీడియోలో ఒక షాట్ చెడిపోతే ఇంకో షాట్‌తో సర్దుకోవచ్చు. నెలల తరబడి ఒకే చోటి నుంచి తీసిన ఫొటోలను వరసగా కూర్చి వీడియో చేసే కట్టుబడి టైమ్‌ల్యాప్స్‌లో ఆ వెసులుబాటు లేదు. పునాది గుంటలు ఒకసారి పూడ్చాక ఎవరూ మళ్లీ తవ్వరు. రెండో స్లాబ్ వేసిన రోజు కెమెరా ఆగిపోతే ఆ స్లాబ్ సినిమాలో ఇక ఉండదు. అందుకే ఇందులో కష్టమంతా ఫొటోలు తీయడంలో కంటే ముందు జరిగే ఏర్పాట్లలో ఉంటుంది. పద్నాలుగు నెలల పాటు కెమెరా అదే చోట, అదే చూపుతో, అదే తీరులో నిలబడాలి.

ఒక నిజమైన పని పట్టుకుని చెబుతాను. హైదరాబాద్ శివారులో సుమారు 1,200 గజాల ప్లాటు. స్టిల్ట్ పార్కింగ్ మీద ఐదు అంతస్తుల అపార్ట్‌మెంట్. బిల్డర్ చెప్పిన గడువు 14 నెలలు. ప్లాటు ముఖం దక్షిణానికి. ఎదుట రోడ్డు, రోడ్డు అవతల చిన్న కాలనీ పార్కు, పార్కు వెనక మూడంతస్తుల ఇల్లు. ఆ ఇంటి డాబా మీద కెమెరా పెట్టాం. అక్కడి నుంచి కట్టబోయే భవనం ముందు గోడ సుమారు 35 మీటర్లు.

కెమెరా ఎక్కడ, ఎటు చూస్తూ

మన ప్రాంతంలో కెమెరా ఉత్తరం వైపు చూడటం అన్నిటికంటే మేలు. తూర్పు చూస్తే పొద్దున, పడమర చూస్తే సాయంత్రం సూర్యుడు నేరుగా లెన్సులోకి వస్తాడు. ఉత్తరం చూస్తే ఆ బాధ లేదు. జూన్‌లో సూర్యుడు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయించినా, మామూలు వైడ్ లెన్సు ఫ్రేమ్‌లోకి రాడు. పక్క నుంచి కొంచెం మెరుపు మాత్రం పడుతుంది, దానికి లెన్సు మీద చిన్న గొడుగు చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడి దారి నడినెత్తికి ఉత్తరంగా ఉంటుంది. అంటే దక్షిణం వైపు గోడ మీద ఆ దాదాపు మూడు నెలలూ నేరుగా ఎండ పడదు. మిగతా ఏడాదంతా అదే గోడ ఎండలో వెలుగుతుంది. మే మొదటి వారంలో మెరుస్తున్న గోడ నెలాఖరుకు నీడలో కనిపిస్తే కెమెరా చెడిందని కంగారు పడకండి. ఎడిటింగ్‌లో ఆ మూడు నెలలను విడిగా చూసుకోవాలని ముందే రాసి పెట్టుకోండి.

డాబా ఎంచుకునేటప్పుడు ఎత్తు కూడా చూడాలి. కట్టబోయే భవనం చివరి ఎత్తులో సగం దగ్గర కెమెరా ఉంటే దాన్ని పైకీ కిందకీ వంచకుండా మట్టంగా పెట్టొచ్చు. పైకి వంచితే నిలువు గోడలు పైకి పోయేకొద్దీ, కిందకి వంచితే కిందకి పోయేకొద్దీ దగ్గరికి వాలినట్టు కనిపిస్తాయి. మా భవనం ఎత్తు పారాపెట్, లిఫ్టు గది, వాటర్ ట్యాంకు కలిపి 22 మీటర్లు. కెమెరా పెట్టిన డాబా ఎత్తు 11 మీటర్ల పైచిలుకు. ఇంతకంటే మంచి చోటు అడిగినా దొరకదు.

ఆ ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు మొహమాటం లేకుండా మూడు సంగతులు తేల్చుకోవాలి: 14 నెలల పాటు కెమెరా ఉన్న పెట్టె అక్కడే ఉంటుందని, కరెంటు వాడతామని, పదిహేను రోజులకోసారి మనిషి వచ్చి అద్దం తుడుస్తాడని. ఎదుటి ఇళ్ల కిటికీలు ఫ్రేమ్‌లో పడుతుంటే వాళ్లకీ చెప్పాలి. కెమెరాకూ భవనానికీ మధ్య ఖాళీ ప్లాటు ఉంటే దాని యజమాని ఈ ఏడాదిలో ఇల్లు కడతాడేమో కనుక్కోండి. మాకు మధ్యలో పార్కు ఉండటం కలిసొచ్చింది. అయినా ఒక గుల్‌మొహర్ కొమ్మ ఎదుగుతూ ఫ్రేమ్ కింది అంచుకు వచ్చింది. చెట్టు ఏడాదిలో ఎంత పెరుగుతుందో ఊహించి ఫ్రేమ్ పెట్టాలి.

లేని భవనానికి ఫ్రేమ్ కట్టడం

మొదటి రోజు మన ముందు ఉండేది ఖాళీ నేల. అయినా చివరి రోజు నిలబడే భవనానికి ఆ రోజే ఫ్రేమ్ కట్టాలి. దీన్ని కంటి అంచనాకు వదలకూడదు. నా మొదటి పనిలో అలాగే వదిలేశాను. ఐదో అంతస్తు స్లాబ్ దాకా అంతా బాగుంది, తర్వాత లిఫ్టు గది, ట్యాంకు ఫ్రేమ్ పైఅంచు దాటిపోయాయి. అప్పుడు కెమెరాను కదిపితే అంతకు ముందు పది నెలల ఫొటోలతో కలవదు. ఇప్పటికీ ఆ సినిమా చూస్తే బాధేస్తుంది.

లెక్క తేలికే. ఏపీఎస్-సీ సెన్సర్, అంటే మామూలు డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్, సుమారు 15.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. దీన్ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, దూరంతో గుణిస్తే అంత దూరంలో ఎన్ని మీటర్ల ఎత్తు ఫ్రేమ్‌లో పడుతుందో వస్తుంది.

```
ఫ్రేమ్ ఎత్తు = 15.6 ÷ 16 × 35 మీ ≈ 34 మీ
```

16 ఎంఎం లెన్సుతో 34 మీటర్లు వస్తుంది. 22 మీటర్ల భవనానికి ఇది ఎక్కువ అనిపించవచ్చు. కానీ ఫొటో 3:2 ఆకారంలో ఉంటే వీడియో 16:9లో ఉంటుంది. 6000 × 4000 పిక్సెల్ ఫొటోలో వీడియోకు పనికొచ్చేది 6000 × 3375 మాత్రమే. అంటే ఎత్తులో 28 మీటర్ల పైచిలుకే మిగులుతుంది. చివరి స్లాబ్ మీద నిలిచే కాలమ్ రాడ్లకు, పరంజాకు, పంపు చేతికి, తర్వాత ఎడిటింగ్‌లో అదురు సరిదిద్దడానికి ఆ ఆరు మీటర్ల జాగా కావాలి.

లెక్క వేశాక సైట్‌లో సరిచూసుకోండి. మూడు మీటర్ల పీవీసీ పైపు ఒకటి తీసుకుని, భవనం ముందు గోడ రాబోయే ముగ్గు గీత మీద ఒకరిని నిలువుగా పట్టుకుని నిలబడమనండి. ఒక ఫొటో తీసి కంప్యూటర్‌లో ఆ పైపు ఎన్ని పిక్సెళ్లు ఉందో కొలవండి. మాకు 350 వచ్చింది. దాని ప్రకారం 22 మీటర్లంటే సుమారు 2,570 పిక్సెళ్లు. పైపు అడుగు నుంచి అంత ఎత్తున ఫొటో మీద గీత గీస్తే భవనం తల ఎక్కడికొస్తుందో కళ్ల ముందు కనిపిస్తుంది. ఎలివేషన్ డ్రాయింగ్ బిల్డర్ దగ్గర అడిగి తీసుకోండి. అంతస్తుల ఎత్తు మాత్రమే చూసి ఆగకుండా ట్యాంకు దాకా కొలవండి.

కదలకుండా నిలపడం

ట్రైపాడ్ ఈ పనికి పనికిరాదు. గాలికి కదులుతుంది, కాకి వాలినా కదులుతుంది, పిల్లలు తగిలినా కదులుతుంది. ఎంత కదిలితే కనిపిస్తుందో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 16 ఎంఎం లెన్సుతో, పైన చెప్పిన సెన్సర్‌లో, ఒక మీటరు పైపు తల పావు మిల్లీమీటరు వాలితే చిత్రం ఒక పిక్సెల్ జరుగుతుంది. నాలుగు మిల్లీమీటర్లు వాలితే పదహారు పిక్సెళ్లు. వీడియోలో భవనం వణుకుతున్నట్టు ఉంటుంది.

అందుకని పైపు వీలైనంత పొట్టిగా, లావుగా ఉండాలి. రెండంగుళాల జీఐ పైపు ముక్క, అరమీటరు మించకుండా, అడుగున చదరపు ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయించండి. దాన్ని నాలుగు యాంకర్ బోల్టులతో ఆర్‌సీసీ కాలమ్ తల మీదో బీమ్ మీదో బిగించండి. ఇటుకల పారాపెట్ గోడ మీద వద్దు, అది ఎండకు, గాలికి ఆడుతుంది. వాటర్ ట్యాంకు స్టాండు అసలే వద్దు, మోటారు వేసినప్పుడల్లా అదురుతుంది. డాబా మీద తిరుగుతూ కాలితో గట్టిగా తన్ని చూడండి. కెమెరా తెరలో చిత్రం చలించకపోతే చోటు మంచిదే.

తర్వాత కెమెరా లోపలి కదలికలు. ఆటోఫోకస్ ఆపేసి, మాన్యువల్‌లో పగటిపూట సరిగ్గా ఫోకస్ చేసి, రింగు మీద టేపు చుట్టండి. లెన్సులోనూ బాడీలోనూ ఉండే ఇమేజ్ స్టెబిలైజేషన్ ఆపేయండి. చేతి వణుకు తగ్గించడానికి పెట్టిన ఆ ఏర్పాటు కదలని కెమెరాలో ప్రతి ఫొటోకూ చిత్రాన్ని కొద్దికొద్దిగా జరుపుతుంది. జూమ్ లెన్సు కంటే ఫిక్స్‌డ్ లెన్సు మంచిది. కరెంటుతో తిరిగే పవర్ జూమ్ కిట్ లెన్సులు మాత్రం వాడకండి. కెమెరా ఆగి మళ్లీ లేచినప్పుడు అవి మీరు పెట్టిన జూమ్ దగ్గరికి తిరిగి రావు.

కెమెరా ఎక్కువగా జరిగేది మన చేతుల వల్లే. బ్యాటరీ మార్చడం, కార్డు తీయడం, అద్దం తుడవడం, ఇలా పెట్టె తెరిచిన ప్రతిసారీ ప్రమాదమే. బ్యాటరీ బదులు డమ్మీ బ్యాటరీ పెట్టి బయటి నుంచి కరెంటు ఇవ్వండి. కార్డు తీయకుండా యూఎస్‌బీ తీగతో ఫొటోలు లాగండి. అయినా ఎప్పుడో ఒకప్పుడు తాకక తప్పదు. దానికోసం మొదటి రోజు ఫొటోలో కదలని మూడు గుర్తులు ఎంచుకోండి: దూరంగా ఉన్న ఇంటి కిటికీ మూల, సెల్‌టవర్ కొన, పక్క భవనం పారాపెట్ అంచు. ఒక్కో గుర్తు ఏ పిక్సెల్ దగ్గర ఉందో కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అతికించండి. పెట్టె మూసే ముందు ఒక ఫొటో తీసి ఆ మూడు అంకెలూ సరిచూడండి. రెండు మూడు పిక్సెళ్ల తేడా ఎడిటింగ్‌లో సర్దుకోవచ్చు. ముప్ఫై పిక్సెళ్లు వస్తే అక్కడే నిలబడి సరిచేయాలి.

ఎడిటింగ్‌లో స్టెబిలైజ్ చేసేటప్పుడు కూడా ఆ కదలని ఇళ్లనే సాఫ్ట్‌వేర్‌కు గుర్తులుగా చూపించండి. మొత్తం చిత్రాన్ని దానికి వదిలేస్తే పరంజా, క్రేను, మేఘాలను పట్టుకుని భవనాన్నే అటూ ఇటూ ఊపుతుంది.

ఎంతసేపటికో ఫొటో

చాలామంది ముందుగా అడిగే ప్రశ్న ఇదే. జవాబు చివరి సినిమా నుంచి వెనక్కి లెక్కిస్తే దొరుకుతుంది. వీడియో సెకనుకు 25 ఫ్రేములు. రెండున్నర నిమిషాల సినిమాకు 3,750 ఫ్రేములు కావాలి. 14 నెలలంటే సుమారు 420 రోజులు. సగటున రోజుకు తొమ్మిది ఫొటోలు చాలు.

కానీ తొమ్మిదే తీస్తే నష్టపోతారు. ఏ ఫొటో వర్షంలో తడుస్తుందో, ఏది మబ్బు నీడలో పడుతుందో ముందు తెలియదు. ఏరుకోవడానికి మిగులు కావాలి. మేం ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా పావుగంటకో ఫొటో పెట్టాం. రోజుకు 45. మొత్తం దాదాపు 19,000 ఫొటోలు. ఒక్కో జేపెగ్ 8 ఎంబీ అనుకుంటే 150 జీబీ. ఈ రోజుల్లో ఇది పెద్ద బరువు కాదు. ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగ్, రంగుల పనికి పావుగంట సరిగ్గా సరిపోతుంది. గోడ వరస వరసగా పైకి లేవడం చక్కగా కనిపిస్తుంది.

స్లాబ్ రోజు మాత్రం వేరు. సెంట్రింగ్, రాడ్ బెండింగ్ రెండు మూడు వారాలు సాగుతాయి, కాంక్రీటు మాత్రం ఒక్క రోజులో అయిపోతుంది. పావుగంటకో ఫొటో అయితే మొత్తం స్లాబ్ రెండు సెకన్లలో ముగుస్తుంది. మా సైట్‌లో పంపు ఉదయం ఏడింటికి మొదలైతే రాత్రి ఏడు దాకా నడిచేది. నిమిషానికో ఫొటో పెడితే 720 ఫొటోలు, 29 సెకన్లు. అందులో మంచి ఎనిమిది పది సెకన్లు తీసుకున్నాం. తడి కాంక్రీటు ముదురు రంగు ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకుతూ పోవడం అందరికీ నచ్చే దృశ్యం, దానికి నిమిషం చాలు. పంపు పొడవాటి చెయ్యి తిరగడం కూడా తెలియాలంటే పది సెకన్లకు దిగాలి. మొదటి స్లాబ్‌కు ఒక గంట పాటు అలా తీశాం. అది 360 ఫొటోలు, 14 సెకన్లు వచ్చింది. ప్రతి స్లాబ్‌కూ అక్కర్లేదు.

వ్యవధి సరైనదో కాదో గుర్తుపట్టడానికి ఒక పద్ధతి ఉంది. మీరు చూపించదలచిన వస్తువు రెండు వరుస ఫొటోల్లో కొంచెమే జరిగి ఉండాలి. అది ఒక చోట మాయమై ఇంకో చోట ప్రత్యక్షమైతే వ్యవధి దానికి ఎక్కువైనట్టు. మనుషులు మాత్రం ఏ వ్యవధిలోనైనా గెంతుతూనే కనిపిస్తారు, అది వదిలేయండి.

స్లాబ్ తేదీ క్యాలెండర్‌లో ఉండదు, మేస్త్రీ నోట్లో ఉంటుంది. వర్షం, రెడీమిక్స్ లారీ, ముహూర్తం, ఏదో ఒకటి దాన్ని జరుపుతుంది. "మేస్త్రీ గారూ, స్లాబ్‌కు ముందురోజు సాయంత్రం ఒక్క ఫోన్ కొట్టండి" అని మొదట్లోనే చెప్పుకోవాలి. మా మేస్త్రీ ఐదు స్లాబులకు ఫోన్ చేశారు, ఒక్కదానికి మరిచిపోయారు. ఆ స్లాబ్ సినిమాలో రెండు సెకన్లే ఉంది.

ఇంకో మాట. కెమెరాను భూమిపూజకు కనీసం వారం ముందే పెట్టండి. ఆ వారంలో తప్పులన్నీ బయటపడతాయి. ఖాళీ ప్లాటు, ముగ్గు పోయడం, జేసీబీ మొదటి పలుగు కూడా దొరుకుతాయి.

ఫొటోలు తీయించడానికి మేం చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ వాడాం. పెట్టిన వ్యవధికోసారి కెమెరాతో ఫొటో తీయించే ఇంటర్వలోమీటర్ కూడా పని చేస్తుంది. అయితే కొన్ని కెమెరాలు నిద్రలోకి పోయాక దాని మాట వినవు, కాబట్టి ఒక రోజంతా పరీక్షించి చూడండి. కంప్యూటర్ వల్ల లాభం రెండు రకాలు. ఫైలు పేరులోనే తేదీ, సమయం వస్తాయి, కాబట్టి 9999 తర్వాత కెమెరా అంకె మళ్లీ మొదలైనా వరస చెడదు. రోజూ ఒక చిన్న ఫొటో ఫోన్‌కు పంపించుకోవచ్చు. ఆ ఫొటో రాని రోజు ఏదో ఆగిందని సాయంత్రానికే తెలుస్తుంది. చెప్పిన వేళకు పని నడిపే క్రాన్ పట్టికలో ఈ రెండు వరుసలు:

```
*/15 7-17 * * * /home/pi/shoot.sh
0 18 * * * /home/pi/shoot.sh
```

`shoot.sh` లోపల, ఫొటో తీయించి కంప్యూటర్‌లోకి లాగే ఈ ఆదేశం:

```
gphoto2 --capture-image-and-download \
  --filename "/data/$(date +%Y%m%d-%H%M).jpg"
```

వెలుగు మిణుకు

టైమ్‌ల్యాప్స్ చూస్తుంటే ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ వెలుగు ఎగిరెగిరి పడటాన్ని ఫ్లికర్ అంటారు. దీనికి కారణాలు వేర్వేరు. ఏ కారణానికి ఆ మందు వేయాలి. అన్నిటికీ కలిపి సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫిల్టర్ వేస్తే సగమే తగ్గుతుంది.

మొదటిది లెన్సులోని అపర్చర్ రెక్కలు. మామూలు ఆటో లెన్సుల్లో చాలావరకు ఈ రెక్కలు ప్రతి ఫొటోకూ మూసుకుని మళ్లీ తెరుచుకుంటాయి. ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో ఆగుతాయి. ఒక్క ఫొటోలో ఆ తేడా కనిపించదు, సెకనుకు 25 వరసగా చూస్తే కనిపిస్తుంది. మాన్యువల్ మోడ్‌లో, మబ్బు లేని ఆకాశం కింద, పది సెకన్ల వ్యవధిలో ఒక 50 ఫొటోలు తీసి చూడండి. అప్పుడు కూడా మిణుకు ఉంటే దోషం రెక్కలదే. మందు సులువు: చేత్తో తిప్పే అపర్చర్ రింగు ఉన్న పూర్తి మాన్యువల్ లెన్సు వాడండి. ఒకసారి ఎఫ్ 5.6 దగ్గర పెడితే రెక్కలు ఏడాదంతా కదలవు. నిండు ఎండలో, ఐఎస్ఓ 100 దగ్గర షట్టర్ 1/800 ప్రాంతంలో ఉంటుంది, ఏ కెమెరాకైనా అది అందే వేగమే.

రెండోది కెమెరా తనంతట తాను తీసుకునే నిర్ణయాలు. ఐఎస్ఓ 100కు కట్టేయండి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తప్పించి డేలైట్‌లో పెట్టండి. లేకపోతే ఆకుపచ్చ నెట్ కట్టిన రోజు ఆకాశం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇక మిగిలేది షట్టర్. మనం దగ్గర లేని మామూలు రోజుల్లో దాన్ని కూడా కట్టేయలేం. నిండు ఎండకూ కారుమబ్బుకూ మధ్య వెలుగు పదింతలు మారుతుంది. అందుకని షట్టర్‌ను కెమెరాయే ఎంచుకునే అపర్చర్ ప్రయారిటీలో వదిలి, వెలుగు మూడో వంతు స్టాప్ తగ్గించి పెట్టాం. నీడలను తర్వాత లేపవచ్చు, తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని తిరిగి తేలేం. స్లాబ్ రోజు మనిషి అక్కడే ఉంటాడు కాబట్టి షట్టర్ కూడా మాన్యువల్‌లో పెట్టొచ్చు. మబ్బు వచ్చినప్పుడు చిత్రం చీకటి పడితే పడనివ్వండి. అది కంటికి సహజంగా ఉంటుంది. స్లాబ్ రాత్రిలోకి సాగి లైట్లు పెడితే షట్టర్ 1/50 లేదా అంతకంటే నెమ్మదిగా ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బులు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. వేగంగా తీస్తే ఒక ఫొటోలో వెలుగు, ఒక ఫొటోలో చీకటి, కొన్నిటిలో అడ్డచారలు వస్తాయి.

ఆటో షట్టర్‌తో చివరి రెండు నెలల్లో ఒక వింత జరుగుతుంది. మట్టి రంగు, ఇటుక రంగు ఉన్నంతకాలం కెమెరా మీటరు ఒక తీరులో చూస్తుంది. పుట్టీ పూసి తెల్ల ప్రైమర్ వేయగానే ఫ్రేమ్ మధ్యలో పెద్ద తెల్ల దిమ్మె నిలబడుతుంది. అదేదో వెలుగు ఎక్కువైందనుకుని మీటరు షట్టర్ తెరిచి ఉంచే సమయం తగ్గిస్తుంది. భవనం తెల్లబడేకొద్దీ చుట్టూ చెట్లు, ఇళ్లు, రోడ్డు నల్లబడతాయి. దీన్ని సరిదిద్దాలంటే వెలుగును భవనం మీద కొలవకూడదు, ఏడాదంతా మారని వస్తువు మీద కొలవాలి. పక్కింటి గోడ ముక్క ఒకటి మేం ఎంచుకున్నాం. `LRTimelapse` లాంటి సాఫ్ట్‌వేర్‌లో డీఫ్లికర్ చేసేటప్పుడు ఆ గోడ ముక్క చుట్టూ డబ్బా గీస్తే, దాని వెలుగు ప్రకారం ప్రతి ఫొటోనూ సమం చేస్తుంది. పక్కింటికి మధ్యలో రంగులు వేయించరని మాత్రం కనుక్కోండి.

మూడోది అసలైనది, సూర్యుడు. రోజుకు 45 ఫొటోలనూ వరసగా వేస్తే రోజు 1.8 సెకన్లలో అయిపోతుంది. అంతలోనే నీడలన్నీ పడమర నుంచి తూర్పుకు ఊడ్చుకుపోతాయి, మళ్లీ ఠక్కున పడమరకు గెంతుతాయి. 420 సార్లు. అది ఏ ఫిల్టర్‌కూ లొంగదు, ఎందుకంటే అది తప్పు కాదు, నిజమైన వెలుగు. చూసేవాళ్ల కళ్లు మాత్రం నొప్పెడతాయి. దీనికి మందు ఏరుకోవడమే.

మేం ఏరిన పద్ధతి చెబుతాను. రోజుకు నాలుగు ఫొటోలు మాత్రమే, అవీ పక్కపక్కన ఒకే గంటలోవి. మొదటి వారం పొద్దున ఎనిమిది ప్రాంతంలోవి తీసుకున్నాం. అక్కడి నుంచి సమయాన్ని మెల్లగా జరుపుకుంటూ వచ్చాం, వారానికి ఎనిమిది తొమ్మిది నిమిషాల చొప్పున. 14 నెలల చివరికి సాయంత్రం ఐదు దగ్గరికి చేరింది. అలా చేస్తే సినిమాలో 14 నెలలు ఒకే పగలులా గడుస్తాయి. నీడ ఒక్కసారే తూర్పు వైపు సాగుతుంది, భవనం పొద్దున పునాదితో మొదలై పొద్దు వాలేసరికి రంగులతో నిలబడుతుంది. 1,680 ఫొటోలతో 67 సెకన్లు వచ్చాయి. వాటి మధ్యలో స్లాబ్ రోజులు విడి ముక్కలుగా కూర్చున్నాయి. కారుమబ్బు ఉన్న ఫొటోలను ఎండ ఫొటోల మధ్య వేయొద్దు. వానాకాలం నెలల్లో అన్నీ మబ్బు ఫొటోలే తీసుకోండి. మబ్బు కింద నీడలు ఉండవు కాబట్టి ఆ భాగం ఎంతో మెత్తగా వస్తుంది.

ఏరిన తర్వాత మిగిలే చిన్న మిణుకుకు మాత్రం ఫిల్టర్ వాడండి. ఏరిన ఫొటోలకు img_00001.jpg తీరులో వరస అంకెలు వేసి ఒక ఫోల్డర్‌లో పెట్టాక, ఫొటోలను వీడియోగా కూర్చే ffmpeg సాఫ్ట్‌వేర్‌కు ఈ ఆదేశం ఇవ్వండి:

```
ffmpeg -framerate 25 -i img_%05d.jpg \
 -vf "crop=6000:3375:0:300,scale=3840:2160,deflicker=size=10:mode=pm" \
 -c:v libx264 -crf 16 -pix_fmt yuv420p out.mp4
```

ఇందులో 300 అన్నది ఫొటో పైఅంచు నుంచి ఎన్ని పిక్సెళ్లు కత్తిరించాలన్న అంకె, మీ ఫ్రేమ్‌ను బట్టి మార్చుకోండి. size అంటే ఎన్ని పక్క ఫ్రేముల సగటు చూడాలన్నది. స్లాబ్ ముక్కలను ఇందులో కలపకుండా విడిగా చేయండి. కలిపితే ఫిల్టర్ పక్కరోజు వెలుగును దీనికి అంటగడుతుంది.

ఎండ, వాన, దుమ్ము, పురుగు

కెమెరా తయారీదార్లు ఎక్కువగా 40 డిగ్రీల దాకానే హామీ ఇస్తారు. మే నెలలో హైదరాబాద్ డాబా మీద గాలే అంత వేడిగా ఉంటుంది, ఎండలో మూసిన పెట్టె లోపల అంతకు ఎంతో మించిపోతుంది. అందుకని వాన కంటే ముందు ఎండ గురించి ఆలోచించాలి. దుమ్ము, వాన చొరకుండా ఆపే ఐపీ 65 లేదా 66 రకం తెల్ల ప్లాస్టిక్ జంక్షన్ బాక్స్ తీసుకున్నాం. దాని మీద రెండంగుళాల ఖాళీ వదిలి, తెల్ల రంగు వేసిన రేకు గొడుగులా బిగించాం. ఎండ రేకు మీద పడుతుంది, మధ్య ఖాళీలో గాలి ఆడుతుంది, పెట్టె నీడలో ఉంటుంది. ఈ ఒక్క పని లోపలి వేడిని బాగా తగ్గిస్తుంది.

పెట్టెను గాలి చొరకుండా పూర్తిగా సీల్ చేయాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఎండకు లోపలి గాలి వేడెక్కి ఉంటుంది. సాయంత్రం గాలివాన పడగానే పెట్టె ఠక్కున చల్లబడి లోపల ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు సీలు అంచుల్లో ఉన్న నీటిని పెట్టె లోపలికి పీల్చుకుంటుంది. రెండు వానల తర్వాత తెరిచి చూస్తే అడుగున నీళ్లు ఉంటాయి, ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాదు. అడుగు భాగంలో రెండు చిన్న రంధ్రాలు పెట్టి, సన్నని స్టీలు జాలీ అతికించండి. ఒత్తిడి అక్కడి నుంచి సమం అవుతుంది. జాలీ లేకపోతే చీమలు, కందిరీగలు ఆ రంధ్రాన్నే ఇల్లు చేసుకుంటాయి. తీగలు కూడా అడుగు నుంచే, తీగ చుట్టూ సందు లేకుండా మూసే గ్లాండ్ బిగించి లోపలికి పంపాలి. తీగ పెట్టెకు చేరే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి. అప్పుడు తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

లెన్సు ముందు అద్దం విషయంలో జాగ్రత్త. లెన్సు మూతి అద్దానికి సెంటీమీటరు లోపే ఉండాలి. మధ్య ఖాళీని నల్ల ఫోమ్ రింగుతో మూయాలి. లేదంటే పెట్టె లోపలి వస్తువులు అద్దంలో ప్రతిబింబమై ఆకాశంలో దయ్యాల్లా కనిపిస్తాయి. అద్దం మీద పది సెంటీమీటర్ల గొడుగు ఉంటే వాన చినుకులు, పక్క ఎండ రెండూ ఆగుతాయి.

సిమెంటు దుమ్మును మాత్రం పొడిగుడ్డతో తుడవకండి. అది గరుకు, అద్దం గీరుకుపోతుంది. ముందు నీళ్లు చల్లి, దుమ్ము జారిపోయాక మెత్తటి తడిగుడ్డతో తుడవాలి. పదిహేను రోజులకోసారి, ప్లాస్టరింగ్ నడిచే రోజుల్లో వారానికోసారి. ఫోన్‌కు వచ్చే రోజువారీ ఫొటోలో ఆకాశం మీద మసక మచ్చలు కనిపించినా, దూరపు సెల్‌టవర్ అంచు మెత్తబడినా వేళ దాటినట్టే. డిసెంబర్, జనవరి పొద్దున్నే ఫొటో అంతా పాలలా ఉంటే అది దుమ్ము కాదు, అద్దం మీద ఆవిరి. కెమెరా, కంప్యూటర్ రాత్రంతా ఆన్‌లో ఉంటే వాటి వేడికే చాలావరకు పట్టదు. లోపల సిలికా జెల్ సంచి పెట్టి, గింజల రంగు మారినప్పుడు వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడండి.

కరెంటు డాబా పాయింటు నుంచి తీసుకున్నా, మధ్యలో చార్జరుతో 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉండాలి. ఏప్రిల్, మే గాలివానల్లో కరెంటు గంటల కొద్దీ పోతుంది, సరిగ్గా అప్పుడే సెంట్రింగ్ పలకలు ఎగిరే రోజులు. పిడుగుల కోసం సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. కరెంటు వచ్చాక కంప్యూటర్ తనంతట తానే లేచి ఫొటోలు మొదలుపెడుతుందో లేదో మొదటి వారమే ప్లగ్గు పీకి చూడండి. గంటసేపు ఆపి పెట్టండి, తిరిగి పెట్టాక గడియారం సరైన సమయం చూపిస్తోందా అన్నది కూడా చూడండి. ఇంటర్నెట్ లేని చోట రాస్ప్‌బెర్రీ పై గడియారం వెనకబడుతుంది, ఫైలు పేర్లన్నీ తప్పు తేదీలతో వస్తాయి. మూడు నెలల ఫొటోలకు తేదీలు వెతుక్కోవడం కంటే చిన్న గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించడం తేలిక.

ఫొటోలను వారానికోసారి వేరే హార్డ్‌డిస్కులోకి తీయండి, తీసిన వెంటనే అక్కడి నుంచి చెరిపేయకండి. చివరి రోజు, గుమ్మానికి మామిడి తోరణం కట్టి గృహప్రవేశం జరిగాక కూడా పెట్టెను ఒక పదిరోజులు అలాగే ఉంచండి. పరంజా ముక్కలు, ఇసుక కుప్పలు తీసేసి రోడ్డు శుభ్రం చేసేది అప్పుడే. సినిమాలో చివరి ఫ్రేమ్ అక్కడి నుంచే వస్తుంది.